వీధుల్లో సౌర దీపాలు, వాటి నిర్వహణ ఖర్చు: గ్రామసభలో ఏడో వార్డు సభ్యురాలి ప్రసంగం

గౌరవనీయులైన సర్పంచ్ గారికి, పంచాయతీ కార్యదర్శి గారికి, వార్డు సభ్యులకు, పొలం పనులు మానుకుని వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారాలు.

మన ఊళ్లో 30 చోట్ల సౌర వీధి దీపాలు పెట్టాలని, వాటి నిర్వహణ ఖర్చును ఇంటింటా పంచుకోవాలని నేను ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను. దీపాల అవసరం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చెరువు కట్ట మీదుగా కాలనీకి వెళ్లే దారిలో కరెంటు స్తంభమే లేదు. నాట్ల రోజుల్లో చీకటి పడ్డాక ఆ దారిన వచ్చే ఆడవాళ్లు సెల్‌ఫోన్ వెలుగులో పాములను చూసుకుంటూ నడుస్తున్నారు. అలాంటి చోట్లు 12 ఉన్నాయి. మిగిలిన 18 చోట్ల దీపాలున్నా, గాలివాన వచ్చి లైను పోయిందంటే రాత్రంతా చీకటే. మెయిన్ రోడ్డు మీది దీపాలు బాగానే వెలుగుతున్నాయి కనుక వాటిని కదిలించాలని నేను కోరడం లేదు.

"బస్టాండు దగ్గర పెట్టిన సోలార్ లైటు ఏమైంది?" అని మీలో చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. గత నెల ఎలక్ట్రీషియన్ చేత దాని పెట్టె తెరిపించి చూశాను. లోపల చీమలు పుట్ట పెట్టాయి, బ్యాటరీ టెర్మినళ్లు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి, పైన ప్యానెల్ మీద కాకుల రెట్ట తెల్లగా గట్టిపడి ఉంది, పక్కనున్న వేపకొమ్మ నీడ మధ్యాహ్నం నుంచే దాని మీద పడుతోంది. ఎల్‌ఈడీ బల్బు మాత్రం ఇప్పటికీ బాగానే ఉంది. అంటే దీపం చెడిపోలేదు. దాన్ని తుడిచే పని ఎవరిదో, బ్యాటరీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో పెట్టిన రోజున ఎవరూ తేల్చలేదు. అందుకే స్తంభాల కంటే ముందు ఈ లెక్క తేలాలని నేను పట్టుబడుతున్నాను.

12 వాట్ల ఎల్‌ఈడీ, లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ, ప్యానెల్, స్తంభం అన్నీ కలిపి ఒక్కోదానికి 22 వేల చొప్పున కొటేషన్ వచ్చింది. 30 దీపాలకు 6 లక్షల 60 వేలు. ఈ మొత్తాన్ని ఆర్థిక సంఘం అన్‌టైడ్ నిధుల నుంచి రెండు విడతలుగా పెట్టవచ్చు, ఇంటి నుంచి ఒక్క రూపాయీ అక్కర్లేదు. అసలు బరువు ఆ తర్వాత మొదలవుతుంది. అయిదేళ్లు దాటాక బ్యాటరీలు మార్చాల్సి వస్తే, ఒక్కోటి 6 వేల చొప్పున లక్షా 80 వేలు కావాలి. పదిహేను రోజులకోసారి ప్యానెళ్లు తుడిచి, కొమ్మలు కొట్టి, వైర్లు చూసే మనిషికి నెలకు వెయ్యి ఇచ్చినా అయిదేళ్లకు 60 వేలు. రెండూ కలిపి 2 లక్షల 40 వేలు.

ఊళ్లో 420 గడపలున్నాయి. ఒంటరి మహిళలు, పింఛనే ఆధారమైన వృద్ధులు ఉన్న 40 ఇళ్లను మినహాయించి, మిగిలిన 380 ఇళ్లు నెలకు 10 రూపాయలు ఇస్తే ఏడాదికి 45,600, అయిదేళ్లకు 2 లక్షల 28 వేలు జమ అవుతాయి. దీనికి పంచాయతీ ఏటా 12 వేలు కలపాలని కోరుతున్నాను. ఇది కొత్త భారమేమీ కాదు: 18 చోట్ల 40 వాట్ల ట్యూబులైట్లు రాత్రికి 12 గంటలు వెలిగితేనే ఏడాదికి 3 వేల యూనిట్లకు పైగా ఖర్చవుతాయి, ఆ బిల్లు ఇక ఉండదు. అన్నీ పోను 48 వేలు మిగులుతాయి. కంట్రోలర్లు, ఫిట్టింగుల మరమ్మతులకు అవి ఉంచుకుందాం.

తన వీధిలో దీపం లేనివాడు ఎందుకివ్వాలని కొందరు అన్నారు. దీపం ఎవరి గుమ్మం ముందున్నా, ఆ దారిలో బడి నుంచి, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు ఊరందరి పిల్లలే కదా. అయితే ఇచ్చే ప్రతి ఇంటికీ లెక్క అడిగే హక్కు ఉండాలి. డబ్బు ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ఒక వార్డు సభ్యుడు, పొదుపు సంఘం నుంచి ఒకరు కలిసి సంతకం చేస్తేనే తీయాలి. మూడు నెలలకోసారి జమాఖర్చులు పంచాయతీ బోర్డు మీద అంటించాలి. వసూలు బాధ్యత పొదుపు సంఘాలకు అప్పగించడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే నెలనెలా పుస్తకం రాసే అలవాటు వాళ్లకు ఉంది.

కొనేటప్పుడు అయిదేళ్ల వారంటీ కాగితం మీద ఉండాలని, ఫిర్యాదు చేసిన వారం లోపు మనిషి రావాలని ఒప్పందంలో రాయించమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ప్యానెల్ దక్షిణానికి వాలి ఉండాలి, నీడ పడని చోటే స్తంభం నాటాలి. చోట్ల జాబితా నా దగ్గర ఉంది. మార్పులు చెప్పదలచినవారు ఇప్పుడే చెప్పండి. ఆ తర్వాత నెలకు 10 రూపాయల చందాకు సమ్మతించేవారు చేతులెత్తితే, తీర్మానాన్ని ఈరోజే పుస్తకంలో రాయించమని సర్పంచ్ గారిని అభ్యర్థిస్తున్నాను.