ముడి సరుకు టర్నోవర్ నివేదిక: 2024 ఏప్రిల్–సెప్టెంబర్

రాయదుర్గం, 2024 అక్టోబర్ 4

యజమాని గారికి,

ఆరు నెలల లెక్క తేలింది. మొత్తం స్టోర్ మీద సగటు నిల్వ 40 రోజులు. జీన్స్ కుట్టే యూనిట్‌కి ఇది బాగున్నట్టే కనిపిస్తుంది. సరుకుల వారీగా విడదీసి చూస్తే మాత్రం మన డబ్బులో దాదాపు మూడో వంతు నల్ల స్ట్రెచ్ డెనిమ్, తెల్ల జిప్పులు, పాత పార్టీ లేబుళ్లు అనే మూడు సరుకుల్లో ఇరుక్కుపోయింది.

లెక్క కట్టిన పద్ధతి: వాడిన సరుకు విలువను సగటు నిల్వ విలువతో భాగిస్తే టర్నోవర్ వస్తుంది. 183 రోజులను ఆ టర్నోవర్‌తో భాగిస్తే నిల్వ రోజులు వస్తాయి. సగటు నిల్వ అంటే ఏప్రిల్ 1, సెప్టెంబర్ 30 నిల్వల సగటు. రెండు వైపులా కొన్న ధరే తీసుకున్నాను. ప్యాంటు అమ్మిన ధర కలిపితే సరుకు నిజంగా కదిలినదానికంటే వేగంగా కదిలినట్టు కనిపిస్తుంది.

| సరుకు | వాడకం (రూ.) | సగటు నిల్వ (రూ.) | టర్నోవర్ | నిల్వ రోజులు |
|---|---|---|---|---|
| నీలం డెనిమ్ | 54,90,000 | 7,50,000 | 7.32 | 25 |
| పాకెట్ బట్ట | 3,66,000 | 60,000 | 6.10 | 30 |
| దారం | 2,44,000 | 80,000 | 3.05 | 60 |
| బటన్లు, రివెట్లు | 1,83,000 | 90,000 | 2.03 | 90 |
| ఇత్తడి రంగు జిప్పులు | 2,92,800 | 48,000 | 6.10 | 30 |
| తెల్ల జిప్పులు | 12,200 | 52,000 | 0.23 | 780 |
| నల్ల స్ట్రెచ్ డెనిమ్ | 1,09,800 | 3,60,000 | 0.31 | 600 |
| పాత పార్టీ పేరున్న లేబుళ్లు | 0 | 38,000 | 0 | కదల్లేదు |

జిప్పులను ఇంతకుముందు ఒకే పద్దులో రాసేవాళ్లం. అలా చూస్తే 60 రోజులు, ఎవరికీ అనుమానం రాదు. ఇత్తడివి బాగా పోతుండటంతో వాటి చాటున తెల్లవి దాక్కున్నాయి. అందుకే ఇకపై రంగుకో బిన్ కార్డు పెడుతున్నాం.

రోజులు ఎక్కువున్నాయని ప్రతి సరుకునూ తప్పుపట్టలేం. బటన్లు, రివెట్లు ఢిల్లీ నుంచి పెద్ద లాట్‌గా తెప్పిస్తాం, రవాణా కలిసిరావాలి కాబట్టి 90 రోజులు ఫరవాలేదు. దారంలోనూ షేడ్లు చాలా ఉంటాయి, దాన్ని కదిలించొద్దు. నిజానికి ఇత్తడి జిప్పుల 30 రోజులే నాకు ఎక్కువనిపిస్తోంది. బళ్లారిలో ఫోన్ చేస్తే మర్నాటికి వచ్చే సరుకు అది. పది రోజులకు సరిపడా పెట్టుకుంటే 32,000 రూపాయలు చేతికొస్తాయి.

అసలు బాధ నల్ల స్ట్రెచ్ డెనిమ్‌ది. ఆరు నెలల్లో కొత్తగా ఒక్క తాను కూడా కొనలేదు, 610 మీటర్లు మాత్రమే వాడాం. మీటరు 180 చొప్పున ఇంకా 1,695 మీటర్లు, అంటే 3,05,100 రూపాయల బట్ట ఉంది. కట్టింగ్ మాస్టర్‌తో కలిసి కింది ర్యాక్ తాన్లు విప్పి చూశాను. మడత అంచున నలుపు కాస్త గోధుమ రంగుకు తిరిగింది. లాగి వదిలితే పైపొర బట్ట లోపలి బట్టంత చురుగ్గా వెనక్కి రావడం లేదు. రేకుల షెడ్డులో వేసవి వేడికి స్ట్రెచ్ దారం దెబ్బతింటుంది. ఇంకో ఎండాకాలం ఇక్కడే ఉంచితే రెండో రకం సరుకు కింద అమ్ముకోవాల్సి వస్తుంది.

మూడింటి సగటు నిల్వ 4,50,000. సీసీ అకౌంట్ మీద 12 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 4,500 రూపాయలు ఊరికే పోతున్నాయి. షెడ్డులో పట్టిన చోటు ఈ లెక్కలో లేదు.

నా ప్రతిపాదన ఇది. పైపొర మీటర్లు కత్తిరించి పక్కన పెట్టి, మిగతా బట్టతో సంక్రాంతికి నల్ల ప్యాంట్లు కుట్టిద్దాం. ప్యాంటుకు 1.3 మీటర్ల లెక్కన 1,200కు పైగా వస్తాయి. తాన్లు రెండు లాట్లవి కాబట్టి ఒక ప్యాంటులో రెండు లాట్లు కలవకుండా మాస్టర్ చూసుకోవాలి, లేకపోతే వాష్ తర్వాత కాలు కాలికి రంగు తేడా బయటపడుతుంది. తెల్ల జిప్పులు వీటికే సరిపోతాయి. మన దగ్గర ఉన్నవి 5,100, మిగిలే వాటికి బదులు ఇత్తడివి ఇస్తారేమో బళ్లారి షాపులో అడుగుతాను. పది, ఇరవై శాతం తగ్గించుకున్నా ఒప్పుకుందామని నా అభిప్రాయం.

లేబుళ్ల మీద వేరే పార్టీ పేరు ఉంది. వాళ్లు ఆర్డర్లు ఆపేశారు. వాటిని మన ప్యాంట్లకు వేయకూడదు, బయట అమ్మకూడదు. వాళ్లు తీసుకుంటారా అని ఉత్తరం రాద్దాం, కాదంటే కత్తిరించి నష్టం కింద రాసేద్దాం.

సోమవారం అహ్మదాబాద్‌కు డెనిమ్ ఆర్డర్ పెడుతున్నాం. అందులో 400 మీటర్ల నల్ల బట్ట కూడా రాసి ఉంది. దాన్ని కొట్టేయడానికి మీ అనుమతి కావాలి.

ఇట్లు,
స్టోర్స్, అకౌంట్స్ విభాగం