గుల్లరాయి

"అమ్మాయ్, ఆ తెల్లమట్టితో నీకేం పనే? అది అడ్డం పడితే ఏరి అవతల పోయడానికి మాకు డీజిలు దండగ," అన్నాడు సత్తిబాబు. వసంతకి మేనమామ, ఆ క్వారీకి సూపర్‌వైజరు. ఆయన మాట సాయం లేకపోతే గేటు దగ్గరే ఆపేసేవారు.

దేవరపల్లి దాటాక పొగాకు బేరన్లు, జీడిమామిడి తోటలు, వాటి మీద పేరుకున్న క్రషర్ దుమ్ము. ఆ వెనక కొండ. కొండనడం మర్యాదకే, సగం ఎప్పుడో కంకరై రోడ్ల మీదికి పోయింది. ఏప్రిల్ ఎండకి రాయి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. సముద్రం డెబ్బై కిలోమీటర్ల పైమాటే.

దుద్దుకూరు దగ్గర సున్నపురాతి పొరలో మర తిరిగిన గవ్వలున్నాయని భూగర్భ శాస్త్రం చదివిన వాళ్లందరికీ తెలుసు. వసంత వచ్చింది వాటికోసం కాదు. తన మ్యాపులో ఈ కొండంతా ఒకే రంగు, నల్లరాయి. కానీ తవ్విన గోడలో కింద ఒక నల్లరాయి, పైన ఒక నల్లరాయి, మధ్యలో నిలువెత్తు తెల్లటి పట్టీ.

సీసాలోంచి ఆసిడ్ చుక్క వేసింది. బుస్సుమని నురగ. సున్నపురాయే. సుత్తితో అంచు కొడితే చిప్పలు, పొరలు పొరలుగా ఆల్చిప్పలు.

గంతులేయాలనిపించింది గానీ విశాఖలో గైడు మాట గుర్తొచ్చి ఆగింది. "గవ్వలు దొరికితే సముద్రం దొరికినట్టు కాదమ్మా. తుఫాను ఎక్కడి గవ్వలనైనా తెచ్చి కుప్ప పోస్తుంది. అవి అక్కడే బతికాయని చూపించు." ఎలా చూపించాలి? లెన్సు పట్టుకుని గోడ పొడుగునా పాకుతూనే ఉంది.

"ఏటండి ఎతుకుతున్నారు?"

డ్రిల్లు కొట్టే నూకరాజు. తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. ఊరు తాళ్ళరేవు అవతల, కోరంగి మడ అడవుల పక్కన. వాళ్ల తాత గుల్ల సున్నం కాల్చేవాడట.

"ఇవి ఎక్కడినుంచో కొట్టుకొచ్చాయో, ఇక్కడే పెరిగాయో తేలడం లేదు."

అతను వంగి చూసి నవ్వేశాడు. "కొట్టుకొచ్చిన గుల్ల ఇలాగుంటదేటండి? అలలో పడితే రెండు చిప్పలూ ఊడిపోయి ఏ చిప్పకా చిప్ప బోర్లా పడద్ది. ఇయి చూడండి, మూసిన నోరు మూసినట్టే ఉంది. పెద్దదాని మీద పిల్ల అంటుకుంది, పిల్ల మీద ఇంకో పిల్ల. మా ఏటి మొగలో ఇంతే. ఇయి ఇక్కడే పుట్టి ఇక్కడే సచ్చినయ్యండి."

వసంత లెన్సు పెట్టి చూసింది. ఒకటి, పక్కన ఇంకొకటి, పైన గుత్తి. అన్నీ జంట చిప్పలే. అతుకుల దగ్గర విరగలేదు, అంచులు అరగలేదు. ఇన్నేళ్ల చదువులో ఈ పోలిక పుస్తకంలో చదివిందే, కానీ మడ బురదలో దిగి గుల్ల ఏరిన చెయ్యి చూపించేదాకా కంటికి ఆనలేదు.

ఏటి మొగ! ఉప్పునీళ్లలో తీపినీళ్లు కలిసే చోటు. పడమటి కనుమల వైపు పుట్టిన లావా దాదాపు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చింది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి మాట. ఒక పారకం చల్లారాక సముద్రం దాని మీదికొచ్చింది, ఆల్చిప్పలు కాపురం పెట్టాయి. తరాల తరాలు. అంతలో రెండో పారకం వచ్చి మూత వేసింది. వసంత నిలబడ్డ మెట్టు ఆ సముద్రపు అడుగు.

"మావయ్యా, ఈ మూల పేల్చకండి."

సత్తిబాబు మొహం మాడ్చాడు. "ఎవరికైనా చెప్పావంటే క్వారీ మూయిస్తారే. నలభై కుటుంబాలు."

"మూయించను. పది అడుగుల గోడ చాలు."

"పది అడుగులంటే ఎన్ని లారీలో తెలుసా?"

బేరం సాగింది. చివరికి ఆరడుగులు, వారం గడువు. ఆపైన ఓనరు ఒప్పుకుంటే చూద్దామన్నాడు. వసంతకి వారం చాలదు, అయినా తలూపింది. ముక్కలు కోసి పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే, కంటికి కనపడని సముద్రపు జీవుల పెంకులు కాలం ఇంకా కచ్చితంగా చెబుతాయి. ముందు శాంపిళ్లు తీయాలి.

గోడకి సుద్దతో నంబర్లు వేస్తూ నోటు పుస్తకం తెరిచింది. జంట చిప్పల సంగతి రాసి, చూపించింది ఎవరో పక్కన రాయబోయింది.

"నా పేరెందుకండి బాబూ?"

"నువ్వే కదా చూశావు."

నూకరాజు డ్రిల్లు భుజానికెత్తుకుని రెండడుగులు వేసి ఆగాడు.

"రాత్తే ఇంటిపేరుతో రాయండి. మా ఊళ్లో నూకరాజులు ఆరుగురండి."