అన్నా, ఎండ బాగా కాసిన రోజే యూనిట్లు తక్కువ వస్తున్నాయి: ఇన్వర్టర్ దగ్గర 254 వోల్టులు

అన్నా, మీ సోలార్ ఏడాది లెక్కల వీడియో రెండుసార్లు చూశాను, రెండోసారి పెన్నూ కాగితం పెట్టుకుని చూశాను. యూనిట్లు తగ్గితే ముందు ప్యానెళ్ళు కడగండి, నీడ పడుతోందేమో చూడండి అని 11వ నిమిషంలో చెప్పారు. అది సరైన మాటే, కానీ మా ఇంట్లో కారణం ఆ రెండూ కాదు, మూడోది: లైను వోల్టేజీ హద్దు దాటి ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగిపోవడం. ఇన్వర్టర్ కొనేముందు ఈ సంగతి ఎవరూ చెప్పరు. నా రీడింగులన్నీ కింద రాస్తాను, చివర్లో ఒకే ప్రశ్న అడుగుతాను. మీరు రోజూ ఈ పనిలో ఉన్నారు కాబట్టి మీకు తెలిసే ఉంటుందని నమ్మకం.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. సింగిల్ ఫేజు కనెక్షన్, డాబా మీద 3 కిలోవాట్లు, 2025 మార్చిలో పెట్టించాం. సూర్యఘర్ పథకం కింద 78 వేల సబ్సిడీ కూడా వచ్చింది, దాంట్లో ఏ ఇబ్బందీ లేదు. మొదటి నెల రోజుకి 12, 13 యూనిట్లు చూపించేది. తర్వాత మెల్లగా 8కి వచ్చింది. బిగించినతను దుమ్మన్నాడు. వారానికోసారి అమ్మా నేనూ తెల్లవారుజామునే డాబా ఎక్కి కడిగాం, ఏమీ పెరగలేదు. చుట్టుపక్కల చెట్టు లేదు, వాటర్ ట్యాంకు ఉత్తరం వైపు ఉంది కాబట్టి నీడ సమస్య కూడా కాదు.

అసలు సంగతి ఒక మబ్బు రోజున బయటపడింది. పొద్దుటి నుంచీ పల్చగా మబ్బు పట్టి ఉంది, సాయంత్రం యాప్ తెరిస్తే 10.4 యూనిట్లు. ముందు రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు, అయినా 8.1. తప్పు చూస్తున్నానేమో అనుకుని రెండు రోజుల గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకున్నాను. మబ్బు రోజుది వంకరటింకరగా ఉన్నా ఎక్కడా సున్నాకి పడలేదు. ఎండ రోజుది పదకొండు వరకు చక్కగా కొండలా ఎక్కి, అక్కడి నుంచి మధ్యాహ్నం రెండు దాకా రంపం పళ్ళలా సున్నాకి పడుతూ లేస్తూ ఉంది. లెక్కపెడితే 23 సార్లు పడింది. మన వీక్షకులు ఎవరైనా ఇది చదువుతుంటే ఇప్పుడే మీ యాప్ తెరిచి చూడండి. దుమ్ము అయితే కొండ మొత్తం కిందికి కుంగుతుంది, నీడ అయితే రోజూ అదే టైముకి ఒక చోట పల్లం పడుతుంది, ఇలా మిట్టమధ్యాహ్నం రంపం పళ్ళు కనిపిస్తే మాత్రం కడిగి లాభం లేదు.

మర్నాడు సెలవు పెట్టి ఇన్వర్టర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏడింటికి 238 వోల్టులు, తొమ్మిదిన్నరకి 244, పదకొండుకి 250. పన్నెండు దాటాక 253, 254, అంతే, లోపల రిలే టక్‌మని శబ్దం, స్క్రీన్ మీద `Grid Overvoltage`. ఒక నిమిషం ఆగి లైను చూసుకుని మళ్ళీ మొదలైంది, పూర్తి పవర్‌కి రావడానికి మరో నాలుగైదు నిమిషాలు, రాగానే మళ్ళీ టక్. ఒక్కోసారికి ఐదారు నిమిషాల ఎండ పోతోంది, అదీ రోజు మొత్తంలో మంచి ఎండ. 230 మీద పది శాతం కలిపితే 253, అది దాటితే లైను నుంచి తప్పుకోవాలన్నది రూలు, కాబట్టి ఇన్వర్టర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

ఇక్కడ నాకు బాగా పనికొచ్చిన విషయం ఒకటి చెప్తాను. ఆగిన ఆ నిమిషంలో వోల్టేజీ 254 నుంచి 245కి పడింది. అంటే ఆ తొమ్మిది వోల్టులు లైనువి కావు, మా వైర్లలో మేమే పెంచుతున్నవి. కరెంటు బయటికి పోవాలంటే బయటి కన్నా ఇక్కడ కాస్త ఎక్కువ ఒత్తిడి ఉండాలి, వైరు ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా ఉంటే అంత ఎక్కువ ఉండాలి. మా ఊరి లైన్‌మన్ మంచివాడు, అడిగితే మధ్యాహ్నం వచ్చి టాంగ్ టెస్టర్ పెట్టి స్తంభం దగ్గర చూశాడు, నేను అదే సమయానికి మీటరు డిస్‌ప్లే మీద వోల్టేజీ చూశాను, మా తమ్ముడు డాబా మీద ఇన్వర్టర్ చూశాడు, ముగ్గురం ఫోన్లో ఒకరికొకరం చెప్పుకున్నాం. ఇన్వర్టర్ 254, మీటరు 251, స్తంభం 245. అప్పుడు ఇన్వర్టర్ నుంచి స్తంభం వైపు పోతున్న కరెంటు 12 ఆంపియర్లు.

ఇన్వర్టర్ నుంచి మీటరుకి 18 మీటర్లు, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేశారు. రానూపోనూ 36 మీటర్లు, దాదాపు పావు ఓమ్ రెసిస్టెన్స్, పన్నెండు ఆంపియర్లకి 3 వోల్టులు. మీటరు నుంచి స్తంభానికి 35 మీటర్లు, 4 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం సర్వీసు వైరు, అర ఓమ్ దగ్గర, అంటే 6 వోల్టులు. కాగితం మీద లెక్కా టెస్టర్‌లో అంకే సరిపోయేసరికి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే నెల రోజులుగా దుమ్మూ దుమ్మూ అని విని విని ఉన్నాను. అదే లెక్కన లోపలి వైరు 6 రాగికి, సర్వీసు వైరు 10 అల్యూమినియంకి మారిస్తే మొత్తం తొమ్మిది వోల్టులు మూడున్నర చిల్లరకి దిగుతాయి. 245కి కలిపితే 249 లోపే, రిలే కొట్టదు.

బిగించినతనికి ఫోన్ చేస్తే వైరు సంగతి వదిలేసి, ఇన్వర్టర్ ఆగే లిమిట్ 270కి పెంచేస్తాను, రెండు నిమిషాల పని అన్నాడు. నేను వద్దన్నాను. మా ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ అన్నీ అదే వైరు మీద ఉన్నాయి, వోల్టేజీని 270 దాకా ఎక్కనిస్తే అవి ఎన్నాళ్ళు బతుకుతాయి? మాతో పాటు పక్కింటి వాళ్ళవి కూడా. వీడియో కింద ఇద్దరు ముగ్గురు ఇదే చిట్కా రాశారు, దయచేసి మీరైనా వద్దని చెప్పండి అన్నా, మీరు చెబితే వింటారు.

ప్రస్తుతానికి మేం చేస్తున్నది ఏమిటంటే పదకొండున్నర నుంచి బోరు మోటారు వేస్తున్నాం. 1 హెచ్‌పీ మోటారు, నాలుగైదు ఆంపియర్లు అక్కడే తినేస్తుంది, స్తంభం వైపు పోయే కరెంటు తగ్గుతుంది, ఇన్వర్టర్ 251, 252 దగ్గర నిలబడుతోంది. అమ్మ గ్రైండరు, వాషింగ్ మెషీను పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి మార్చుకుంది. మోటారు ఆడినంతసేపు గ్రాఫులో ఒక్క పన్ను కూడా లేదు. కానీ ట్యాంకు గంటలో నిండుతుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే.

ఇప్పుడు నన్ను నిజంగా తొలిచే విషయం. ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు మీద 11000/433 అని ఉంటుంది కదా, 433ని 1.732తో భాగిస్తే ఫేజుకి 250. అంటే లోడు లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలయ్యేదే 250, మన హద్దు 253, మధ్యలో మిగిలింది మూడు. పూర్వం కరెంటు ఒకవైపే వచ్చేది కాబట్టి ఆఖరి ఇంటికి చేరేసరికి తగ్గుతుందని ముందే ఎక్కువ పెట్టారు, అందులో తప్పేమీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇల్లంటే అందరూ అదృష్టమనేవాళ్ళు, లో వోల్టేజీ బాధ లేదని. మాది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడో స్తంభం. మధ్యాహ్నం ఊళ్ళో అందరూ పనులకి పోయి లోడు లేనప్పుడు మేం ఎండ మొత్తం అటు తోస్తున్నాం. ఇప్పటికే మా వీధిలో ఇంకో రెండిళ్ళకి సోలార్ ఉంది, మరో ఇద్దరు దరఖాస్తు పెట్టారు. అందరూ ఒకే ఫేజు మీద ఉంటే స్తంభం దగ్గరే 245 కాస్తా 250 అవుతుంది, అప్పుడు నేను ఎంత లావు వైరు వేసినా ఏం లాభం? వోల్టేజీ కాస్త తగ్గేలా ట్రాన్స్‌ఫార్మర్‌లో ట్యాప్ మార్చమని అడిగాను, ఇది 63 కేవీఏ, దీనికి ట్యాపులు లేవని లైన్‌మన్ చెప్పాడు. సర్వీసు వైరు మార్పుకీ, ఫేజు మార్పుకీ అర్జీ పెట్టాను. లోపలి 18 మీటర్లు ఈ ఆదివారం మా ఎలక్ట్రీషియన్ మారుస్తున్నాడు, ప్యానెళ్ళ వైపూ లైను వైపూ రెండూ ఆపేసి.

ఇక ప్రశ్న. వోల్టేజీ హద్దుకి దగ్గర పడుతుంటే పూర్తిగా ఆగిపోకుండా పవర్‌ని కొంచెం కొంచెం తగ్గించుకునే సెట్టింగు కొన్ని ఇన్వర్టర్లలో ఉంటుందని మాన్యువల్‌లో చదివాను, `Volt-Watt` అని ఉంటుంది. 250 దాటగానే 3 కిలోవాట్లని మెల్లగా రెండున్నర దాకా దించుకుంటే చాలు, పడటం లేవటం ఉండదు, మధ్యాహ్నం మూడు గంటల్లో పోయేది మహా అయితే ఒకటిన్నర యూనిట్టు, ఇప్పుడు పోతున్నట్టు నాలుగు యూనిట్లు కాదు. హద్దు 253 అలాగే ఉంటుంది కాబట్టి ఎవరి సామానుకీ ప్రమాదం లేదు. మీరు వీడియోలో చూపించిన మూడు ఇన్వర్టర్లలో మన దేశం సెట్టింగు పెట్టాక కూడా ఇది పనిచేసేది ఏది? దాన్ని ఆన్ చేయడానికి బిగించినవాళ్ళ పాస్‌వర్డ్ చాలా, లేక కంపెనీకి రాయాలా? ఒక్క ఇన్వర్టర్ మీదైనా మీరు కెమెరా ముందు చేసి చూపిస్తే మా వీధిలో దరఖాస్తు పెట్టిన ఇద్దరూ అది చూసే కొంటారు, నేనే వాళ్ళని ఆపి ఉంచాను.

వైరు మార్చకముందు మూడు చోట్లా తీసిన రీడింగులు, నెల రోజుల గ్రాఫుల స్క్రీన్‌షాట్లు నా దగ్గర ఉన్నాయి, కావాలంటే చెప్పండి, అన్నీ పంపుతాను, మీ వీడియోలో వాడుకోండి. ఆదివారం కొత్త వైరు పడ్డాక ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ ఎంతకి దిగిందో ఇక్కడే రాస్తాను. నా లెక్క ప్రకారం 252 చూపించాలి.