టైం లేని నాన్నకి ఏమిద్దాం?

మా తమ్ముడికి ఈ నెలలో ముప్పై నిండాయి. కూతురికి ఎనిమిది నెలలు. వాడిది రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. పొద్దున ఆరున్నరకి నెల్లూరులో బండి తీస్తే ఇందుకూరుపేట, మైపాడు వైపు గుంటలన్నీ తిరిగి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరతాడు. స్నానం చేసి పాపను ఎత్తుకున్నాడంటే పన్నెండు దాకా భుజం మీదే. అప్పటిదాకా మా మరదలికి కాస్త నిద్ర.

పోయిన పుట్టినరోజుకి వాడికి కీబోర్డు కొనిచ్చాను. కాలేజీలో బాగా వాయించేవాడు. మొన్న వెళ్తే బీరువా మీద పెట్టె విప్పకుండా ఉంది. నా చూపు అటు పోవడం గమనించి, "పాప కాస్త పెద్దదవనీ అక్కా, వాయిస్తా" అన్నాడు. ఏదో బాకీ పడ్డవాడిలా అన్నాడు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. వాడికున్న పనులకు తోడు నేను ఇంకో పని ఇచ్చి వచ్చానన్నమాట.

అందుకే ఈసారి ఒకటే అనుకున్నాను. ఇచ్చిన వస్తువు కోసం వాడు విడిగా ఐదు నిమిషాలు కూడా వెతుక్కోకూడదు. ఎలాగూ రోజూ తాగుతాడు, స్నానం చేస్తాడు, బండి నడుపుతాడు, తింటాడు, పడుకుంటాడు. వాటిలో ఏదో ఒకటి కాస్త హాయిగా మారితే చాలు. మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్ర నాన్న ఉంటే, నేను కొన్నవీ కొనాలనుకుంటున్నవీ చెప్తాను.

మొదటిది కాఫీ. చిన్నపిల్లలున్న ఇంట్లో వేడి కాఫీ తాగిన నాన్నని నేను చూడలేదు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి పాప ఏడుస్తుంది, తిరిగొచ్చేసరికి చల్లారి మీగడ కట్టి ఉంటుంది. దీనికి మందు 350 మిల్లీలీటర్ల స్టీలు ఫ్లాస్కు కప్పు. రెండు గోడల మధ్య గాలి తీసేసిన రకం కావాలి, వేడి అంత త్వరగా బయటికి పోదు. కొనేముందు మూత ఒంటి చేత్తో తీసి చూడండి, సులువుగా రావాలి. మూత బిగించి తలకిందులు చేస్తే చుక్క కూడా కారకూడదు. పసిబిడ్డ మీద వేడి కాఫీ ఒలికితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మూత తీసి తాగేటప్పుడు మాత్రం బిడ్డని దించాల్సిందే. ముందు మరిగిన నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, ఆ తర్వాత కాఫీ పోస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే పాలు కలిపినది రెండు గంటలకు మించి అందులో ఉంచొద్దు. దాంతోపాటు ఒక స్టీలు ఫిల్టరు, అరకిలో కాఫీ పొడి ఇవ్వండి. రాత్రి పడుకునేముందు పొడి వేసి వేడినీళ్లు పోసి వదిలేస్తే పొద్దున డికాక్షన్ దిగి ఉంటుంది. నిద్రలేచిన మనిషికి తన కోసం ఒకటి సిద్ధంగా ఉండడం చిన్న విషయం కాదు.

రెండోది తువ్వాలు. నవ్వకండి. వాడి ఇంట్లో మెత్తటివన్నీ పాపకి పోయాయి, వాడికి మిగిలింది పెళ్లిలో ఎవరో పెట్టిన గరుకు తువ్వాలు. చీరాల చేనేత నూలు తువ్వాళ్లు రెండు, లుంగీ ఒకటి తెచ్చాను. (2022లో జిల్లాలు విడిపోయాక చీరాల బాపట్లలోకి వెళ్లింది గానీ మా నోట్లో ఇంకా ప్రకాశమే.) కొత్త నేత బట్టకి గంజి ఉంటుంది, నీళ్లు పీల్చదు. అందుకే నేనే మూడుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టి ఇచ్చాను. కవరు చింపిన కొత్త బట్ట ఇవ్వడం కంటే అదే నాకు నచ్చింది. లుంగీ లేతరంగుది వద్దు. పిల్లలున్న ఇల్లు.

బండి మీద తిరిగేవాళ్లకి హెల్మెట్ లోపల వేసుకునే పల్చటి నూలు టోపీలు మూడు తీసుకోండి. రోజుకొకటి ఉతికేసుకోవచ్చు. మే నెలలో మా నెల్లూరు ఎండకి హెల్మెట్ తీస్తే నుదుటి నుంచి చెమట ధారగా కారుతుంది. వందల్లో అయిపోయే వస్తువు, రోజంతా సుఖం. సీటు మీద జాలీ కవరు కూడా అంతే.

ఇక నాకు చాలా ఇష్టమైనది ఉదయగిరి చెక్క స్పూన్లు. ఉదయగిరిలో తరతరాలుగా చేతితో చెక్కుతున్నారు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తమ్ముడు రాత్రి పది దాటాక, పాప ఒడిలో పడుకున్నాక పెరుగన్నం తింటాడు. అప్పుడు స్టీలు గిన్నెకి స్టీలు స్పూను టంగుమని తగిలితే ఆ రాత్రి గోవిందా. చెక్క స్పూనుకి చప్పుడుండదు. మొన్న వాడు పాపని ఊపుతూ, ఒక చేత్తో తింటూ, తల ఊపి చూపించాడు. నీళ్లలో నానబెట్టకూడదు, కడిగి వెంటనే తుడవాలి, అప్పుడప్పుడు రెండు చుక్కలు కొబ్బరినూనె రుద్దితే ఏళ్లు వస్తాయి.

తీపి ఇష్టముంటే మలై కాజా ఇవ్వండి. నెల్లూరు వాళ్లకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కానీ కిలో డబ్బా వద్దు, వచ్చినవాళ్లే తినేస్తారు. ఆరు ముక్కలు, ఫ్రిజ్‌లో వెనక్కి పెట్టి, "ఇవి నాన్నవి" అని చీటీ. రాత్రికి రెండు ముక్కలు. పాలమీగడ తీపి కాబట్టి రెండు మూడు రోజుల్లో అయిపోవాలి.

పసుపు రంగులో సన్నగా వెలిగే చిన్న రాత్రి దీపం కూడా తీసుకున్నాను. అర్ధరాత్రి డైపర్ మార్చడానికి తెల్ల ట్యూబులైటు వేస్తే పాపకీ నిద్ర పోతుంది, నాన్నకీ పోతుంది. తడిమితే వెలిగేది చూసుకోండి.

ఏం కొనకూడదో కూడా చెప్పాలి. వ్యాయామం సామాను, లావుపాటి పుస్తకం, మొక్కల కుండీలు, ఏడాది సభ్యత్వాలు ఈ రెండేళ్లూ ఆపండి. అవి మంచివే. వాటికి సమయం రావాలి. కీబోర్డుకీ రోజు వస్తుంది, ఈసారి ఆ మాట వాడితో నేనే అన్నాను. మనసు తేలికపడినట్టు కనిపించాడు.

చివరిది డబ్బు పెట్టి కొనలేనిది. నెలలో రెండు ఆదివారాలు పొద్దున ఐదున్నరకి నేను వాళ్లింటికి వెళ్తాను. పాపని, పాల సీసాని, మార్చే బట్టల సంచిని తీసుకుని పక్కవీధి గుడిదాకా నడుస్తాం, ఎనిమిదికి తిరిగొస్తాం. "ఎప్పుడైనా అవసరమైతే పిలవరా" అనడం వేరు. అడగడానికి వాడికి మొహమాటం. అందుకే తేదీలు నేనే రాసి వాళ్ల గోడ క్యాలెండరులో గుండ్రాలు చుట్టాను. మా మరదలికి ముందే చెప్పి ఒప్పించాను, ఎందుకంటే ఆ రెండున్నర గంటలు ఆమెవి కూడా.

తువ్వాలులో అన్నీ మూటకట్టి, పైన చీటీ పెట్టాను. "తమ్ముడూ, వీటిలో దేనికీ నువ్వు టైం వెతుక్కోనక్కర్లేదు. ఆదివారం తలుపు గడియ వేయకు, నేనే వచ్చి పాపని తీసుకెళ్తా. నువ్వు లేవొద్దు."