పాట మొదలవక ముందు

పొదలకూరు నిమ్మ మార్కెట్, నెల్లూరు జిల్లా - ఒక ఫోటో చూసి

ఇంకా పొద్దు పొడవలేదు.
చేజర్ల వైపు నుంచి వచ్చిన ఆటోలోంచి
ముందు నిమ్మకాయల వాసన దిగింది,
ఆ తర్వాతే బస్తాలు.

గోతాం మూతి విప్పి
ఒక కాయని అరచేతిలో దొర్లిస్తోంది ఆమె.
తొడిమ దగ్గర ఇంకా ఆకుపచ్చ,
గోళ్ళ సందున తోట మన్ను,
మణికట్టు మీద ముల్లు గీరిన ఎర్రటి చార
(ఊరికే చేతికిచ్చే చెట్టు కాదది).

“ఏం పలకద్దబ్బయా ఈ పొద్దు?”
టీ అందిస్తున్న పిల్లోడికేం తెలుసు!
అయినా అడిగింది.
ఎండాకాలమంతా ట్యాంకర్ నీళ్ళు కొని
బతికించుకున్న చెట్లు మరి.

ఈ ఫోటోలో ధర కనపడదు.
బాగా పలకాలి తల్లీ నీ కాయ,
వేలంపాటలో ఈ పూటన్నా
బాగా పలకాలి!