ముప్పావలా వడ్డీ

ఉత్తరం దర్శిలోని పాత ఇంటికి వెళ్లింది. బాబాయి దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. లోన్ నంబరు చివరి రెండు అంకెల మీద ఆయన బొటనవేలు పడింది.

కనిగిరి బ్యాంకులో తెలుగొచ్చే క్లర్కు ఆవేళ సెలవు. గోల్డ్‌లోన్ కౌంటర్‌లో కొత్తగా వచ్చిన బీహార్ ఆఫీసరున్నాడు. హిందీ, ఇంగ్లీషు తప్ప రావు. ఎనిమిదో తరగతి శ్రావణి స్కూల్ యూనిఫామ్‌లోనే అమ్మానాన్నల మధ్య నిలబడి ఫోన్‌లో ఫోటోని పెద్దది చేసి చదువుతోంది.

"నాలుగు గాజులు తాకట్టులో ఉన్నాయంట. గడువు దాటిందంట. ఈ నెలాఖరులోపు కట్టకపోతే వేలం వేస్తారంట."

"అప్పెంతని ఉంది?" అంది లక్ష్మి.

శ్రావణి పై లైన్ చూసింది. ఎనభై ఐదు వేలు. ఇంట్లో ఎప్పుడూ అరవై అనే విన్నది. తల తిప్పితే నాన్న గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు.

"అది... సరిగ్గా కనపడట్లేదమ్మా."

ఆఫీసరు ఆధార్ తీసుకుని కంప్యూటర్‌లో వెతికాడు. ఏడాది వడ్డీ కట్టి తిరగరాయించుకోవచ్చని ఇంగ్లీషులో చెప్పాడు. అంకె కూడా చెప్పాడు. ఆ అంకె దాచడం శ్రావణి వల్ల కాలేదు.

"వడ్డీ ఏడు వేల ఆరొందల యాభై అంట."

లక్ష్మి కొంగుముడి విప్పబోయి ఆగింది. ఆమెకు అక్షరాలు రావు గానీ వడ్డీ లెక్కలో ఊళ్లో ఆమెను మోసం చేసినవాడు లేడు.

"అరవై వేలకా? రూపాయి వడ్డీకే ఏడు వేల రెండొందలు. బ్యాంకోళ్లది ముప్పావలా. ఐదు వేల నాలుగొందలు కావాలి గదా. సరిగ్గా అడుగు."

శ్రావణి అడగలేదు. ఆఫీసరే అర్థం కానట్టు చూసి, స్క్రీన్ వాళ్ల వైపు తిప్పాడు.

"చదువమ్మా," అన్నాడు నాన్న మెల్లగా.

"ఎనభై ఐదు వేలు."

లక్ష్మి మొగుడి వంక చూడలేదు. వేళ్ల మీద ఏదో లెక్కేసింది. "ఎనభై ఐదుకైతే సరిపోయింది," అంది. కొంగులోని డబ్బు చాల్లేదు. ఎరువుల కొట్లో ఇద్దామని సంచిలో పెట్టుకున్న మూడు వేలూ బయటికి తీసింది.

"ఇది కడితే గాజులు వేలానికి పోవు గదా, అడుగు."

శ్రావణి అడిగింది. పోవన్నాడు.

నాన్న సంతకం పెట్టాక లక్ష్మి గొంతు పెంచింది. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. "ఆ పాతిక వేలు ఎవరికి పోశావో బస్సెక్కినాక చెబుదువుగాని. మీ చెల్లెలి పేరు చెప్పావో, ఆ ఇంటి గడప నేను మళ్లీ తొక్కను!"

ఆఫీసరు కంగారుపడి, ఏమంటున్నారని శ్రావణిని అడిగాడు.

"రసీదు ఇమ్మంటోంది సార్," అని ఇంగ్లీషులో చెప్పింది.