కావళ్లరేవు వంతెన: గ్రామసభలో సర్పంచ్ ప్రసంగం

పెద్దలకి, అక్కచెల్లెళ్లకి, మండలాఫీసు నుంచి వచ్చిన సార్లకి, వెనక వేపచెట్టు కింద నిలబడిపోయిన పిల్లోళ్లకి అందరికీ నమస్కారం. ముందుకొచ్చి కూర్చోండి నాయనా, ఇవాళ మీతోనే పని ఎక్కువ.

గాంధీ జయంతి గ్రామసభ ఇది. వీధి దీపాలు, ఉపాధి హామీ పనులు, ఇంటి పన్ను గురించి సెక్రటరీ గారు చదివేశారు. ఇక మిగిలింది వంతెన పేరు. చూడబోతే చిన్న విషయమే. కానీ నెల రోజులుగా టీ అంగడి దగ్గర, పాలకేంద్రం దగ్గర, చివరికి సావు ఇంటి దగ్గర కూడా ఇదే మాట. పేరు మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసే దాకా వచ్చింది. అందుకే నా మాట దాచుకోకుండా అందరి ముందరే చెప్తున్నా. కుశస్థలి మీద కట్టే ఈ వంతెనకి కావళ్లరేవు వంతెన అనే పేరే ఉండాలి.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. నాకు ఈ రేవు కథ చెప్పింది మా అత్త. ఆడికృత్తికకి తిరుత్తణి పోయేవాళ్లు పసుపు గుడ్డలు కట్టుకుని, పూలకావళ్లు భుజాన పెట్టుకుని, హరోంహర అంటూ ఎగువ ఊళ్ల నుంచి నడిచొచ్చి ఇక్కడే ఏరు దాటేవాళ్లు. దాటే ముందు కావడి దించకూడదు. అందుకని మన ఊరోళ్లు నడుముల్లోతు నీళ్లలో వరసగా నిలబడి వాళ్ల చేతులు పట్టుకుని అవతలి గట్టు ఎక్కించేవాళ్లు. అవతల మజ్జిగ, బెల్లం పానకం. ఫలానా కులం వాళ్లే నిలబడాలని లేదు. ఈత వచ్చినవాడు నీళ్లలో దిగేవాడు, రానివాడు పానకం కలిపేవాడు. ఆ పేరు ఎవరూ పెట్టింది కాదు. దాటినవాళ్లు పిలిచారు, దాటించినవాళ్లు పలికారు.

ఇంకో మాట. ఆ రోజుల్లో తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మధ్యలో సరిహద్దు వచ్చి పడింది, చెక్‌పోస్టు వచ్చింది. కావళ్లు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ ఆడి మాసంలో మన వీధిలో పసుపు గుడ్డలు కనబడతాయి. అరవం మాట్లాడే మన బంధువులు కూడా ఈ చోటిని ఇదే పేరుతో పిలుస్తారు. ఇన్ని మారినా నిలిచిన పేరుని మనం, ఈ ఊరోళ్లమే, మన చేత్తో తీసేయాలా?

సరే, వేరే పేర్లు అడుగుతున్నవాళ్ల మాటకి వస్తా. వాళ్లు పరాయివాళ్లు కాదు, కోపం లేదు.

కొందరు తమ నాయకుడి పేరు పెట్టాలంటున్నారు. ఇంకొందరు ఇంకో నాయకుడి పేరు. ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరూ ఈ జనానికి చేసినవాళ్లే. కానీ ఒకరి పేరు పెడితే ఐదేళ్లకి గవర్నమెంటు మారగానే ఆ బోర్డు మీద రంగు పడుతుంది. విజయవాడలో డాక్టర్ల యూనివర్సిటీ పేరు 2022లో మార్చారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పాత పేరు తెచ్చారు. ఎవరు రైటో నేను చెప్పను, నా పంచాయతీ కాదది. అంత పెద్ద యూనివర్సిటీకే తప్పలేదు, మన వంతెన ఎంత? ఆ పేచీ మన ఊళ్లోకి తెచ్చుకుంటే వినాయక చవితికి ఒక పందిరి పోయి రెండు పందిళ్లవుతాయి.

అప్రోచ్ రోడ్డుకి స్థలం ఇచ్చిన అన్న ఉన్నాడు, ముందు వరసలోనే కూర్చున్నాడు. వాళ్ల నాయన పేరు పెట్టమని ఆయన అడగలేదు, చుట్టూ ఉన్నవాళ్లు అడుగుతున్నారు. అన్నా, నీ మామిడి చెట్లు పదకొండు కొట్టేశారు, కాపు మీదున్నవి. నువ్వు నోరెత్తలేదు. వంతెన మొదట్లో నీ నాయన పేరుతో శిలాఫలకం వేయించే బాధ్యత పంచాయతీది. ఇది కూడా తీర్మానంలో రాయిస్తున్నా. కానీ వంతెన పేరు మాత్రం రేవుదే.

ఇక పిల్లోళ్ల ప్రశ్న. మొన్న ఒక డిగ్రీ అబ్బాయి అడిగాడు. ‘వంతెన వచ్చాక రేవే ఉండదు కదక్కా, లేని రేవు పేరు ఎందుకు?’ మంచి ప్రశ్న. రెండు రాత్రులు ఆలోచించా. రేవు ఉండదు కాబట్టే పేరు కావాలి నాయనా. ఇన్నాళ్లూ నీళ్లలో దిగాం కాబట్టి పేరు గుర్తుంది. రేపు పైన బైకు మీద పోతారు, కిందకి ఎవరు చూస్తారు? వంతెనకి ఇంకో పేరు పెట్టామంటే మీ పిల్లల నాటికి కావళ్లరేవు అంటే ఏందని అడుగుతారు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకి జాతర చేస్తాం. ఆ గుంటలో నీళ్లు చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది? పేరు మాత్రం పలుకుతూనే ఉన్నాం. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు ముందు శ్రీ బాలాజీ జిల్లా అని ప్రతిపాదించారు. చివరికి జనం నోట్లో ఉన్న తిరుపతి పేరే నిలిచింది.

పేరు నోట్లోనే కాదు, కాగితాల్లోనూ ఉంది. మీ ఇళ్లల్లో పెట్టెలు తెరిచి పాత దస్తావేజులు చూడండి. హద్దుల దగ్గర ‘దక్షిణం: కావళ్లరేవు బాట’ అని ఉంటుంది. మా ఇంట్లోదీ అట్లే ఉంది. భూముల రీసర్వేలో హద్దు తగాదా వస్తే ఆ బాట యాడుందో చూపించాలి కదా?

2021 నవంబర్ వానలు గుర్తుకు తెచ్చుకోండి. ఏరు పొంగింది, అవతలి పాలు ఇవతలికి రాలేదు, బిందెలతో పారబోసుకున్నాం. నొప్పులు పడుతున్న పిల్ల ఇవతల, ఆంబులెన్స్ అవతల. ఫోన్లో డ్రైవరు యాడికి రావాలంటే అందరం ఒకే మాట చెప్పాం, కావళ్లరేవు అని. ఆయన తమిళనాడు పక్క ఊరోడు, అయినా తెలుసుకున్నాడు. రేపు ఆపద వస్తే కూడా మన నోట్లో నుంచి వచ్చేది ఆ మాటే. బోర్డు మీద ఇంకోటి ఉంటే కొత్త డ్రైవరు ఏమైపోతాడు?

ఆఫీసు సార్లకి ఒక విన్నపం. పని జరిగే చోట పెట్టిన రేకు బోర్డు మీద ‘కావలి రేవు’ అని రాయించారు. కావలి నెల్లూరు జిల్లాలో ఉంది సార్. దయచేసి శాశ్వత బోర్డు చెక్కే ముందు మా సెక్రటరీకి ఒకసారి చూపించండి.

పేరు ఖాయం చేసేది ప్రభుత్వమే, నాకు తెలుసు. మన తీర్మానం కలెక్టర్ గారికి పోతుంది, ఇంజినీర్లకి పోతుంది. వాళ్లు కాదనొచ్చు. కానీ ఊరంతా ఒకే మాట మీద ఉందని రాతలో ఉంటే కాదనేవాళ్లు కూడా ఒకసారి ఆలోచిస్తారు. మనమే నాలుగు పేర్లు పంపితే వాళ్లు ఐదోది పెట్టి పోతారు.

తీర్మానం ఇది: వంతెనకి ‘కావళ్లరేవు వంతెన’ అని పేరు పెట్టాలి. రెండు కొసల్లోనూ పెద్ద తెలుగు అక్షరాల్లో బోర్డు ఉండాలి, కింద కావడి భక్తుల కోసం అరవంలో కూడా రాయాలి. స్థలం ఇచ్చిన కుటుంబానికి శిలాఫలకం. కావడి మోసేవాళ్లు లారీలకి భయపడకుండా నడవడానికి పక్కన కాలిబాట వదలాలి. ఆ కాలిబాట డ్రాయింగులో లేదని నిన్ననే తెలిసింది, పేరు కంటే దాని కోసం ఎక్కువ కొట్లాడాల్సి వస్తుందేమో.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు కూడా ఎత్తండి, తర్వాత, భయం లేకుండా. సెక్రటరీ గారూ, ఆడోళ్ల వైపు నుంచి లెక్క మొదలుపెట్టండి. పోయినసారి వాళ్లని వదిలేశారు.